నాలుగు మెట్ల జవాబు

వార్షిక సంచికకు ఏదైనా రాసి ఇవ్వండి సార్ అని విద్యార్థి సంఘం వారు వచ్చి అడిగినప్పుడు, పూర్వ విద్యార్థిని కనుక హాస్టల్ మెస్సు గురించో, ఆనాటి ఎన్నికల గురించో రాస్తానని అనుకొని ఉంటారు. ఆ ముచ్చట్లు నాకంటే బాగా చెప్పగలవారు ఈ సంచికలోనే చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఒక పరీక్ష ప్రశ్నను గురించి రాయదలచుకున్నాను. ఆ ప్రశ్న విషయంలో నేను ఒక విద్యార్థికి అన్యాయం చేశాను.

ప్రశ్న మీ అందరికీ తెలిసినదే. “విదేశీ మార్కెట్లలో ప్రవేశించే పద్ధతులుగా ఎగుమతి, లైసెన్సింగ్, ఫ్రాంచైజింగ్, జాయింట్ వెంచర్లను పోల్చి వివరింపుము.” పదిహేను మార్కులు. ఇంటర్నేషనల్ బిజినెస్ పేపరులో ఏడాది విడిచి ఏడాదైనా వస్తుంది. నేను వాల్యుయేషన్‌కు వెళ్ళిన ఆ సంవత్సరం కూడా వచ్చింది. నా వంతు కట్టలో చాలా జవాబులు ఒక్క తల్లి పిల్లల్లా ఉన్నాయి. మొదట ఒక మెట్ల బొమ్మ, కింది మెట్టు మీద ఎగుమతి, పై మెట్టు మీద జాయింట్ వెంచర్. ఆ తరువాత నాలుగు నిలువు గడుల పట్టిక. ఎగుమతి – తక్కువ రిస్కు, తక్కువ అదుపు. జాయింట్ వెంచర్ – ఎక్కువ రిస్కు, ఎక్కువ అదుపు. చివర కోకకోలా, మెక్‌డొనాల్డ్స్, మారుతీ సుజుకీ. గడులు నిండుగా ఉన్నాయి, గీతలు స్కేలు పెట్టి గీశారు. పదేసి మార్కులు వేసుకుంటూ పోయాను.

మధ్యలో ఒక పేపరు వచ్చింది. పట్టిక లేదు, బొమ్మ లేదు. ఒకటిన్నర పేజీ రాశాడు (అబ్బాయో అమ్మాయో నాకు తెలియదనుకోండి). ఒక మందుల కంపెనీ ఒకే కాలంలో ఒక దేశానికి ఎగుమతి చేసిందనీ, మరొక దేశం వాళ్ళకు లైసెన్సు ఇచ్చిందనీ, ఇంకొక దేశంలో భాగస్వామితో కలిసి ఫ్యాక్టరీ పెట్టిందనీ, అందుచేత ఏ పద్ధతి మంచిదన్నది కంపెనీని బట్టి చెప్పేది కాదు, సరుకును బట్టి చెప్పవలసినదనీ రాశాడు. ఫ్రాంచైజింగ్ మందులకు పనికిరాదని ఒక్క వాక్యంలో తేల్చేశాడు. ‘పట్టిక లేదు, ఫ్రాంచైజింగ్ అసంపూర్ణం’ అని మనసులో అనుకొని ఆరు మార్కులు వేశాను. కట్ట కట్టి సీలు వేసి ఇచ్చేశాను. ఆ ఆరు మార్కులు ఇప్పటికీ నన్ను వదలలేదు.

మా మేనకోడలు ఎం.కాం. చదువుతూ ఎర్రమంజిల్‌లో మా ఇంట్లోనే ఉండేది. ఒక రాత్రి ఆమె నోట్సు తిరగేస్తే అవే మెట్లు కనిపించాయి.

“ఈ మెట్లు వరుసగా ఎక్కిన కంపెనీ ఒకటి చెప్పమ్మా” అన్నాను.

“పుస్తకంలో ఇవ్వలేదు మామయ్యా.”

“మరి మెట్లని ఎట్లా తెలిసింది?”

“అందరూ అట్లాగే రాస్తారు” అంది. అందులో అబద్ధం లేదు.

మెట్ల కథ ఎక్కడిదో చెబుతాను. 1970లలో స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయం పరిశోధకులు కొన్ని స్వీడిష్ కంపెనీలు విదేశాలకు ఎట్లా విస్తరించాయో చూశారు. 1975లో వచ్చిన ఒక వ్యాసంలో సాండ్విక్, అట్లాస్ కాప్కో, ఫాసిట్, వోల్వో అనే నాలుగు కంపెనీల చరిత్ర ఉంది. 1977లో యోహాన్సన్, వాల్నే అనే ఇద్దరు దాన్నొక సిద్ధాంతంగా మలిచారు. వాళ్ళు చెప్పిన మెట్లు ఇవి: మొదట క్రమమైన ఎగుమతి ఉండదు, ఆ తరువాత ఏజెంటు ద్వారా ఎగుమతి, తరువాత సొంత అమ్మకాల కంపెనీ, చివరికి అక్కడే సొంత ఉత్పత్తి. చూశారా, ఇందులో లైసెన్సింగ్ లేదు, ఫ్రాంచైజింగ్ అసలే లేదు! రిస్కునూ అదుపునూ బట్టి పద్ధతులను పేర్చే జాబితా వేరు, ఒక కంపెనీ కాలక్రమంలో నడిచిన దారి వేరు. మన గైడ్లు ఈ రెంటినీ ఒకే బొమ్మలో అతికించాయి. ఆ బొమ్మనే మనం దిద్దుతున్నాం, దానికే మార్కులు వేస్తున్నాం.

మర్నాడు పొద్దున్న మేనకోడలిని వెంటబెట్టుకొని ఎర్రమంజిల్ నుండి పంజాగుట్ట మీదుగా అమీర్‌పేట దాకా నడిచాను. మెట్రోలో రెండు స్టేషన్ల దూరం. అమీర్‌పేటలోనే చాలా ఏళ్ళు డాక్టర్ రెడ్డీస్ లాబొరేటరీస్ ప్రధాన కార్యాలయం ఉండేది, తరువాత బంజారా హిల్స్ మూడో నంబరు రోడ్డుకు మారింది. అదీ మా ఇంటికి దగ్గరే. ఐ.డి.పి.ఎల్.లో పనిచేసి బయటికి వచ్చిన కె. అంజిరెడ్డిగారు 1984లో పెట్టిన కంపెనీ. కోకకోలా కోసం అట్లాంటా దాకా పోయే మన విద్యార్థికి ఈ ఉదాహరణ సిటీ బస్సు దూరంలో ఉంది.

ఈ కంపెనీ మొదట చేసింది ఎగుమతే, అంతవరకు గైడు చెప్పింది నిజమే. 1980ల రెండో సగంలో మిథైల్‌డోపా వంటి బల్క్ డ్రగ్స్ విదేశాలకు పంపింది. బల్క్ డ్రగ్ అంటే మాత్ర కాకముందు ఉండే మందు పొడి. దాన్ని కొన్నవాడు మాత్ర చేసి తన పేరుతో అమ్ముకుంటాడు. అక్కడి డాక్టరుకు గాని రోగికి గాని అమ్మినవాడి పేరు తెలియనక్కరలేదు. గైడులో ‘తక్కువ రిస్కు’ అనేది ఇట్లాంటి ఎగుమతికి అతికినట్టు సరిపోతుంది.

ఇక 2001 ఆగస్టు చూడండి. ఎలై లిల్లీ కంపెనీ వారి ప్రోజాక్ అనే మందు పేటెంటు అంతకుముందే అమెరికా కోర్టులో వీగిపోయింది. ఆ మందు అసలు పేరు ఫ్లూయాక్సెటిన్. అందులో 40 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌కు మొదటి జెనరిక్ దరఖాస్తు రెడ్డీస్‌ది కావడంతో, అక్కడి చట్టం ప్రకారం 180 రోజులపాటు ఆ మోతాదులో జెనరిక్ అమ్మే హక్కు దానికే దక్కింది. అమెరికాలో అమ్మిపెట్టింది మాత్రం పార్ ఫార్మాస్యూటికల్ అనే అక్కడి కంపెనీ. లాభం ఇద్దరూ పంచుకున్నారు. ఇదీ ఎగుమతే, పట్టికలో మొదటి గడిలోనే పడుతుంది. కాని దీన్ని ‘సులభం, తక్కువ ఖర్చు’ అని ఎవరైనా అనగలరా? అమెరికా ఔషధ శాఖ వారి తనిఖీకి నిలిచే ఫ్యాక్టరీ కావాలి, ఒరిజినల్ మందుతో సమానమని రుజువు చేసే పత్రాలు కావాలి, పేటెంటును సవాలు చేసినందుకు కోర్టు ఖర్చు కావాలి. ఇవన్నీ డబ్బు రాకముందు పెట్టే ఖర్చులు. 180 రోజులు గడిచాక మిగతా జెనరిక్ కంపెనీలు దిగుతాయి, ధర పడిపోతుంది. మొదట అంత ఖర్చు, కాపుకు వచ్చేది ఆరు నెలలు. పైగా అక్కడి హోల్‌సేలర్లతో పరిచయం అమ్మిపెట్టినవాడికే మిగులుతుంది గాని తయారుచేసినవాడికి కాదు. 2003 నుండి రెడ్డీస్ తన సొంత పేరుతోనే అమెరికాలో అమ్మడం మొదలుపెట్టింది. ఎందుకో ఇప్పుడు వేరే చెప్పనక్కరలేదు.

మా మేనకోడలు ఇక్కడ ఆగి, “అయితే లైసెన్సింగ్ దీని తర్వాతే కదా?” అంది. కాదు, ముందే. ఈ కంపెనీ కథలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

1997లో రెడ్డీస్ తన ప్రయోగశాలలో తయారైన మధుమేహపు అణువు ఒకదాన్ని డెన్మార్క్‌లోని నోవో నోర్డిస్క్‌కు లైసెన్సు ఇచ్చింది. మరుసటి ఏడాది రాగాగ్లిటజార్ అనే రెండోదాన్ని కూడా ఇచ్చింది. అంతవరకు మన దేశపు మందుల కంపెనీ ఏదీ తాను కనిపెట్టిన అణువును ఒక విదేశీ కంపెనీకి ఇట్లా ఇవ్వలేదు. ఎందుకు ఇచ్చింది? కొత్త మందు బజారుకు రావాలంటే వేలాది రోగుల మీద, అనేక దేశాల్లో, ఏళ్ళ తరబడి పరీక్షలు జరగాలి. ఆ ఖర్చు భరించే స్తోమత అప్పటి రెడ్డీస్‌కు లేదు, నోవోకు ఉంది. అణువు ఇటు, డబ్బు అటు. జాయింట్ వెంచర్ పెట్టుకుంటే ఆ ఖర్చులో సగం తనే మోయాలి. ఎగుమతి చేద్దామంటే ఇంకా సరుకే లేదు, అమ్మడానికి ఉన్నది ఒక ఆశ మాత్రమే. ఆశను ఓడలో పంపలేము, కాగితం మీద అమ్మగలము. ఆ కాగితమే లైసెన్సు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. 1970 పేటెంట్ల చట్టం వల్ల మన దేశంలో మందుకు కాక, తయారీ విధానానికి మాత్రమే పేటెంటు ఉండేది. ఇతరుల మందులను వేరే విధానంలో చేసుకొని మన కంపెనీలు పెరిగాయి. ఆ పద్ధతి 2005 జనవరి 1న మారింది. కాని 1997లోనే రెడ్డీస్ అమెరికాలోనూ యూరప్‌లోనూ తన అణువుకు పేటెంటు అడగగలిగింది, ఎందుకంటే ఆ దేశాల చట్టం మందుకు కూడా పేటెంటు ఇస్తుంది. కొనేవాడి దేశంలో ఆస్తిగా గుర్తింపు ఉంటేనే దానికి లైసెన్సు ఇవ్వగలం. పేటెంటు దక్కని దేశంలో లైసెన్సు అడిగేవాడెవడు, ఊరికే చేసుకుంటాడు. ఈ మాట నేను దిద్దిన పట్టికల్లో ఒక్కదానిలోనూ కనిపించలేదు.

ఇక రిస్కు సంగతి. 2002 జులైలో నోవో, రాగాగ్లిటజార్ పరీక్షలు నిలిపివేసింది. ఎలుకల్లో మూత్రాశయపు గడ్డలు కనిపించాయి. పరీక్షల ఖర్చంతా నోవోది కనుక ఆ డబ్బు రెడ్డీస్ పోగొట్టుకోలేదు. ఆ లెక్కన ‘తక్కువ రిస్కు’ నిజమే. కాని ఆపడమా సాగించడమా అని తేల్చేది లైసెన్సు తీసుకున్నవాడే. ఇచ్చినవాడు ఫోను దగ్గర కూర్చోవలసిందే. డబ్బు రిస్కు తగ్గింది, దానితోపాటు అణువు భవిష్యత్తు మీద మాట కూడా పోయింది. ఈ రెండూ ఒకే బేరంలో రెండు పక్కలు. పట్టికలో ఇవి రెండు వేర్వేరు గడుల్లో పడతాయి, ఒకదాన్నిచ్చి రెండోదాన్ని కొన్నారన్న సంగతి ఆ గీతల మధ్య మాయమైపోతుంది.

ఇదే కాలంలో చైనాలో కున్షాన్ రోటమ్ రెడ్డీ అనే జాయింట్ వెంచర్. రోటమ్ అనే గ్రూపుతో కలిసి పెట్టినది, రెడ్డీస్ వాటా 51.3 శాతం. పరీక్షలో దీన్ని ఇస్తే మనవాళ్ళు ఏమి రాస్తారు? “సగానికి మించిన వాటా కనుక పూర్తి అదుపు” అంటారు. పప్పులో కాలేసినట్టే. ఆ ఒప్పందం ప్రకారం ముఖ్యమైన నిర్ణయాలు రెడ్డీస్ డైరెక్టర్ల ఓట్లతోనే గట్టెక్కవు, అవతలివాళ్ళ సమ్మతి కూడా కావాలి. అందువల్ల రెడ్డీస్ తన లెక్కల పుస్తకాల్లో దాన్ని సొంత అనుబంధ కంపెనీగా కలపలేదు, ఈక్విటీ పద్ధతిలో తన వాటా లాభనష్టాలను మాత్రమే చూపింది. జాయింట్ వెంచర్‌లో అదుపు ఎవరిదో తెలుసుకోవాలంటే షేర్ల శాతం చూసి ఆగిపోకూడదు. ఏయే నిర్ణయాలకు ఎన్ని ఓట్లు కావాలో ఒప్పందంలో చూడాలి. కామర్స్ విద్యార్థికి ఇది అకౌంటింగ్ పేపరులోనూ వస్తుంది, ఇంటర్నేషనల్ బిజినెస్‌లోనూ వస్తుంది. రెండింటికీ చుట్టరికం ఉందని మాత్రం ఎవరమూ చెప్పం.

జాయింట్ వెంచర్ పుట్టకముందే పోవడమూ ఉంది. జపాన్ మార్కెట్టు కోసం 2011లో ఫ్యూజీఫిల్మ్‌తో కుదుర్చుకున్న ఉమ్మడి సంస్థ ఆలోచన 2013లో రద్దయింది. భాగస్వామి తన దారి మార్చుకుంటే మన పథకమూ దానితోనే పోతుంది.

“సరే మామయ్యా, కథలు బాగున్నాయి. పరీక్షలో ఏ పద్ధతి మేలో ఎట్లా తేల్చమంటావు?” అంది మేనకోడలు. న్యాయమైన ప్రశ్న. అమీర్‌పేటలో ఒక ఇరానీ హోటల్లో కూర్చొని, బిల్లు కాగితం వెనక లెక్క వేసి చూపించాను. అంకెలు నేను కల్పించినవే, సంగతి అర్థం కావడానికి.

ఒక సరుకు విదేశంలో ఏటా వంద కోట్ల రూపాయలకు అమ్ముడవుతుందనుకుందాం. లైసెన్సు ఇస్తే నూటికి ఐదు చొప్పున రాయల్టీ, అంటే ఐదు కోట్లు. మనం పెట్టుబడి పెట్టలేదు. అదే సరుకుకు సగం సగం జాయింట్ వెంచర్ పెడితే, అమ్మకం మీద నూటికి ఇరవై లాభం వస్తుందనుకుంటే ఇరవై కోట్లు, మన వాటా పది. చూడటానికి రెట్టింపు. కాని మన వంతు పెట్టుబడి అరవై కోట్లు పెట్టాం. ఆ డబ్బుకు నూటికి పన్నెండు చొప్పున ఏటా ఏడు కోట్ల ఇరవై లక్షలు ఖర్చు. అది తీసేస్తే మిగిలింది రెండు కోట్ల ఎనభై లక్షలు. వంద కోట్ల అమ్మకం దగ్గర లైసెన్సే మేలు. అమ్మకం రెండువందల కోట్లయితే? లైసెన్సు పది ఇస్తుంది, జాయింట్ వెంచర్ ఇరవైలో ఏడు ఇరవై పోగా పన్నెండు ఎనభై ఇస్తుంది. రెండూ సమానమయ్యేది నూట నలభై నాలుగు కోట్ల దగ్గర.

అప్పుడు ప్రశ్న మారిపోయింది. ఏది మంచిది అని అడగడం మాని, ఆ దేశంలో మన అమ్మకం నూట నలభై నాలుగు కోట్లు దాటుతుందని ఎంత గట్టిగా చెప్పగలం అని అడుగుతాము. గట్టిగా చెప్పలేకపోతే లైసెన్సు. ఎందుకంటే అమ్మకం అనుకున్నట్టు లేకపోతే రాయల్టీ తగ్గుతుందంతే, కాని ఫ్యాక్టరీలో పోసిన అరవై కోట్లు వెనక్కి రావు. ఈ లెక్కకు హద్దులూ ఉన్నాయి. లైసెన్సు తీసుకున్నవాడు మన విద్య నేర్చుకొని రేపు మనకే పోటీగా రావచ్చు. జాయింట్ వెంచర్‌లో ఆ దేశం మార్కెట్టును మనం నేర్చుకోవచ్చు. ఇవి రూపాయల్లో సులభంగా దిగవు. అయినా లెక్క వేసిన తరువాత వీటిని గురించి మాట్లాడటం వేరు, లెక్కే వేయకుండా ‘అధిక అదుపు’ అని గడిలో రాయడం వేరు.

ఫ్రాంచైజింగ్ విషయంలో మాత్రం నాకు ఆరు మార్కులు పొందిన ఆ విద్యార్థితో పూర్తి ఏకీభావం లేదు. మందుల తయారీకి అది కుదరదన్నది నిజం. ఎందుకు కుదరదో చెప్పి ఉండవలసింది. లైసెన్సులో ఇచ్చేది ఒక హక్కు, ఫ్రాంచైజీలో ఇచ్చేది పేరుతోపాటు నడిపే తీరు మొత్తం. గోడ రంగు మొదలు వంట నూనె దాకా ఒక పుస్తకంలో రాసి ఇచ్చి, అట్లాగే చేస్తున్నారా లేదా అని చూస్తూ ఉండాలి. పుస్తకంలో రాయగలిగిన పనికే ఫ్రాంచైజీ. అమీర్‌పేటనే చూడండి. మైత్రీవనం చుట్టుపక్కల కంప్యూటర్ కోచింగ్ బోర్డుల మీద కోర్సు పేరుతోపాటు చెప్పేవారి పేరు అంతే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. విద్యార్థి వచ్చేది ఆ మనిషి కోసం. ఆయన పక్క వీధికి మారితే బ్యాచీ పక్క వీధికి పోతుంది. అట్లాంటి వ్యాపారాన్ని విదేశంలో ఫ్రాంచైజీకి ఇవ్వడం కష్టం, ఇవ్వడానికి పుస్తకం లేదు. ఎన్.ఐ.ఐ.టి., ఆప్టెక్ వంటివి సిలబసు, మెటీరియలు, పరీక్ష, సర్టిఫికెట్టు అన్నీ అచ్చులో పోసినట్టు తయారుచేసుకున్నాయి కనుకనే వియత్నాం వంటి దేశాల్లోనూ ఫ్రాంచైజీ కేంద్రాలు నడపగలిగాయి. ఒకే రకం వ్యాపారం, ఒకదానికి ఈ దారి ఉంది, మరొకదానికి లేదు. ఈ తేడా వివరిస్తూ పది వాక్యాలు రాసిన విద్యార్థికి పట్టిక లేకున్నా నిండుగా మార్కులు వేయవచ్చునని నా అభిప్రాయం.

ఇంతా చెప్పి తప్పంతా విద్యార్థుల మీద వేస్తే మీరు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. తప్పు ప్రశ్నది. ‘పోల్చి వివరింపుము’ అంటే పట్టికే వస్తుంది. ‘స్కీము’లో ‘నాలుగు పద్ధతులకు మూడేసి మార్కులు, బొమ్మకు మూడు’ అని ఉంటే నాలాంటివాడు ఎదురుగా కొత్త జవాబు కనిపించినా చేయి ముందుకు సాగక ఆరు వేస్తాడు. మూడు వందల పేపర్లు ముందు పెట్టుకున్నవాడికి గడులు లెక్కపెట్టడం సులువు, ఆలోచన తూచడం కష్టం. ఈ మాట తోటి లెక్చరర్లు నొచ్చుకున్నా అనక తప్పదు.

మా మేనకోడలు ఆ ఏడు పరీక్షలో ఏమి రాసిందని అడుగుతారేమో. పట్టికే రాసింది. “నీలాంటివాళ్ళు దిద్దుతారని తెలుసు కదా మామయ్యా” అంది. నా దగ్గర జవాబు లేకపోయింది.

ఈసారి బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశానికి నన్ను పిలిస్తే పట్టుకెళ్దామని ఒక ప్రశ్న రాసి పెట్టుకున్నాను. విద్యార్థి మిత్రులు ఎట్లాగూ గైడుకు ముందే ప్రశ్న సంపాదిస్తారు కనుక ఇక్కడే అచ్చు వేస్తున్నాను: “మీ కంపెనీ దగ్గర ఒక కొత్త మందు అణువు ఉంది. దానికి అమెరికాలో పేటెంటు వచ్చింది, చైనాలో దరఖాస్తు తిరస్కరించారు. అదిగాక పేటెంటు గడువు తీరిన మాత్ర ఒకటి తయారుచేసే ఫ్యాక్టరీ కూడా ఉంది. చేతిలో ఉన్నది యాభై కోట్లు. ఏ సరుకును ఏ దేశంలోకి ఏ పద్ధతిలో పంపుతారు? ఏది చేయకూడదనుకుంటున్నారు, ఎందుకు? పట్టిక గీయనక్కరలేదు.”